పాత నంబరు కొత్త చేతికి చేరాక

దసరాకి వారం ముందు మా అమ్మకి కొత్త సిమ్ కొన్నాం. స్మార్ట్ ఫోన్ ఆవిడకి పడదు, బటన్ల ఫోనే. మూడో రోజు నుంచీ మెసేజులు మొదలయ్యాయి. తాకట్టు పెట్టిన బంగారం మీద వడ్డీ కట్టే గడువు దగ్గర పడిందని ఒకటి. గ్యాస్ బండ బుక్కయింది, తెచ్చినబ్బాయికి ఈ నాలుగంకెలు చెప్పండని ఇంకొకటి. చివర మూడంకెలు ఫలానా అయిన ఖాతాలో ముప్ఫై ఒక్క వేలు జమయ్యాయని మరొకటి. "నా పేరు మీద ఎవరో బంగారం కుదువబెట్టారేమోరా" అని అమ్మ బెంగపెట్టుకుంది.

పదిరోజుల తరవాత ఫోనొచ్చింది. ఎత్తగానే, "ఏంరా తమ్మీ, ఎన్నడొస్తున్నవ్? ఇన్నొద్దులాయె, ఫోన్ చేస్తే ఎత్తవేంది?" అని అవతలి గొంతు. అమ్మ తడబడి "మీకెవరు కావాలి నాయనా?" అంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒకాయన తమ్ముడికి చేసిన ఫోనది. తమ్ముడు షార్జాలో పనిచేస్తున్నాడు. అన్న ఫోన్ మార్చి, పాత సిమ్‌లో ఉన్న పేర్లు అందులోకి ఎక్కించుకుంటే తమ్ముడి పాత నంబరే పైకొచ్చిందట. అలా తెలిసింది, అమ్మ చేతిలో ఉన్నది కొత్త నంబరు కాదని.

ఆ తమ్ముడు నంబరు అమ్ముకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. జనవరిలో విమానం ఎక్కేముందు 28 రోజుల ప్యాక్ వేయించుకుని, అక్కడి సిమ్ తీసుకున్నాక దీన్ని పెట్టెలో పడేశాడు. తరవాతిదంతా దానంతటదే జరిగిపోయింది. ప్యాక్ జనవరి 31తో అయిపోయిందనుకుందాం. బయటికి కాల్స్ అప్పుడే ఆగుతాయి, కొన్నాళ్లకు వచ్చేవీ ఆగిపోతాయి. ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ సిమ్‌ని వాడకం లేదన్న కారణంతో 90 రోజుల లోపు రద్దు చేయకూడదు. ఒక్క కాల్ వచ్చినా వాడకం కిందే లెక్క. కానీ ప్యాక్ లేని సిమ్‌కి కాల్ రాదు కదా. మే మొదటి తేదీకల్లా ఆ 90 రోజులు నిండాయి. రద్దయ్యాక కూడా 15 రోజుల పాటు కొద్దిపాటి రుసుము కట్టి తిరిగి తెచ్చుకునే వీలుంటుంది. ఆ సంగతి షార్జాలో ఆయనకి ఎవరు చెబుతారు? ఆ తరవాత కనీసం 90 రోజులు ఆ నంబరుని ఎవరికీ ఇవ్వకుండా ఉంచాలి. అదీ ఆగస్టు మధ్యకల్లా పూర్తయింది. దసరాకి మా వీధి చివరి షాపులో అది తళతళలాడే కొత్త సిమ్.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మెయిన్ బ్యాలెన్సులో 20 రూపాయలుంటే నంబరు పోదని విన్నామంటారు. నిజమే, 2013లో ట్రాయ్ తెచ్చిన సవరణలో ఆ మాట ఉంది: బ్యాలెన్సులో 20 రూపాయలో, అంతకన్నా ఎక్కువో ఉంటే అందులోంచి కోసుకుంటూ 30 రోజులకోసారి నంబరుని నిలబెట్టాలి. అయితే ఇప్పుడు మనం వేయించుకునేవి అన్‌లిమిటెడ్ ప్యాకులు. ఎంత పెద్ద ప్యాక్ వేసినా మెయిన్ బ్యాలెన్సు సున్నా దగ్గరే ఉంటుంది. ఆ 20 రూపాయలు టాప్‌అప్‌గా విడిగా వేసుకుంటే తప్ప ఉండవు.

నంబరు ఇలా చేతులు మారడంలో మోసం ఏమీ లేదు. పదంకెల నంబర్లలో మొబైల్‌కి పనికొచ్చేవి 6, 7, 8, 9తో మొదలయ్యేవే, వాడేవాళ్లు నూరు కోట్లకు పైమాటే. వదిలేసిన నంబర్లన్నీ పక్కన పెట్టేస్తే కొత్తవాళ్లకి ఇవ్వడానికి మిగలవు. అన్ని దేశాల్లోనూ ఇదే. 2021లో అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అలా మళ్లీ అమ్మకానికొచ్చిన 259 నంబర్లను పరిశీలిస్తే, 171 నంబర్లకు పాత యజమానుల ఆన్‌లైన్ ఖాతాలు ఇంకా తగులుకునే ఉన్నాయి. చిక్కంతా అక్కడే. టెలికాం కంపెనీ దృష్టిలో నంబరు అద్దె ఇల్లు లాంటిది, ఖాళీ చేస్తే ఇంకొకరికి ఇస్తుంది. మనమేమో ఆ అద్దె ఇంటి తాళంచెవినే బ్యాంకుకీ, ఆధార్‌కీ, మెయిల్‌కీ తాళంచెవిగా పెట్టుకున్నాం.

ఆ తాళంచెవితో ఏమేం తెరుచుకుంటాయో చూడ్డానికి అమ్మ బటన్ల ఫోనే చాలు. చాలా బ్యాంకులకు మిస్డ్ కాల్ సేవ ఉంది. ఖాతాకి జోడించిన నంబరు నుంచి ఒక రింగిస్తే బ్యాలెన్సెంతో మెసేజ్ వస్తుంది. అంటే అమ్మ పొరపాటున సరైన నంబరుకి ఒక్క రింగిస్తే చాలు, షార్జా మనిషి దాచుకున్న సొమ్మెంతో తెలిసిపోతుంది. `*99#` డయల్ చేస్తే ఆ నంబరుకి జోడించిన ఖాతా ఏ బ్యాంకులో ఉందో కూడా తెలిసే వీలుంది.

డబ్బు తీయడం మాత్రం అంత తేలిక కాదు. యూపీఐ యాప్‌ని కొత్త ఫోన్‌లో మొదటిసారి తెరిచినప్పుడు, అది మనకు కనిపించకుండా ఆ సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపుతుంది. సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందని అలా రూఢి చేసుకుని, ఆ నంబరుకి ఏయే ఖాతాలున్నాయో చూపిస్తుంది. ఈ మెట్టు వరకూ కొత్త యజమాని నడిచి వెళ్లగలడు. ఆపైన యూపీఐ పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు మీది చివరి ఆరంకెలు, దాని గడువు తేదీ కావాలి. అవి వాళ్ల దగ్గర ఉండవు. మంచి అడ్డుకట్టే. కానీ పక్కనే ఇంకో దారి ఉంది. కార్డు లేనివాళ్ల కోసం ఆధార్‌తో పిన్ పెట్టుకునే పద్ధతి తెచ్చారు. అందులో అడిగేది ఆధార్‌లోని మొదటి ఆరంకెలు, ఆధార్‌కి జోడించిన ఫోన్‌కి వచ్చే ఓటీపీ. బ్యాంకుకీ ఆధార్‌కీ ఒకే నంబరు ఇచ్చి, అదే నంబరు పోగొట్టుకున్న మనిషికి మిగిలే రక్షణ ఆ ఆరంకెలే. మన ఆధార్ జిరాక్సులు ఎన్ని లాడ్జీల్లో, ఎన్ని షాపుల్లో పడున్నాయో ఎవరికివారు లెక్కేసుకోవచ్చు.

మెసేజింగ్ యాపుల్లో ఒక్కోదానిది ఒక్కో తీరు. వాట్సాప్‌లో పాత సంభాషణలు కంపెనీ దగ్గర ఉండవు, మన ఫోన్‌లోనో మన గూగుల్ ఖాతాలోని బ్యాకప్‌లోనో ఉంటాయి. నంబరు పోయినంత మాత్రాన కొత్తవాళ్లకి అవి దొరకవు. 45 రోజులు వాడకుండా ఉండి ఆ తరవాత వేరే ఫోన్‌లో తెరిస్తే, పాత ఫొటో వగైరాలు తీసేస్తామని ఆ కంపెనీ చెబుతుంది. ఇబ్బందల్లా, పాత ఖాతా ఇంకా బతికుండగా నంబరు చేతులు మారినప్పుడే. అప్పుడు కుటుంబం గ్రూపులోనూ, ఊరి గ్రూపులోనూ ఆ నంబరు అలాగే ఉంటుంది, అక్కడ పడే కొత్త మాటలు కొత్త మనిషికి చేరతాయి. టెలిగ్రామ్ ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ మామూలు చాట్‌లన్నీ కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి. ఓటీపీ కొట్టి లోపలికి వెళ్తే ఏళ్లనాటి మాటలు, ఫొటోలు, ఫైళ్లు అన్నీ ఎదురుగా పరుచుకుంటాయి. విడిగా పాస్‌వర్డు పెట్టుకున్నవాళ్లకే అక్కడ గోడ.

ఈ గొడవ 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రద్దయిన నంబర్లను కొత్తవాళ్లకి ఇవ్వకుండా ఆపాలని ఒక న్యాయవాది వేసిన పిటిషన్ అది. 90 రోజులాగి ఇస్తున్నామని ట్రాయ్ చెప్పింది. ఆ తరవాత జాగ్రత్త పడాల్సింది పాత చందాదారే, వాట్సాప్ ఖాతా తొలగించుకుని డేటా చెరిపేసుకోవచ్చు అని కోర్టు తేల్చింది. చట్టం దృష్టిలో బరువు మన మీదే పడింది. నాకది సగం న్యాయంగానే తోస్తుంది. 28 రోజుల ప్యాక్ వేసుకుని గల్ఫ్ వెళ్లే మనిషికి విమానాశ్రయంలో లగేజీ తూకం గురించి చెప్పేవాళ్లున్నారు గాని, నంబరు గురించి చెప్పేవాళ్లు లేరు.

2025లో కొంత కదలిక వచ్చింది. రద్దయిన నంబర్ల జాబితా ఒకటి ప్రభుత్వం దగ్గర ఉంటుంది. దాన్ని చూసుకుని తమ కస్టమర్ల వివరాలు సరిచేసుకోవాలని ఆ ఏడాది జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకూ, తన కిందికొచ్చే ఆర్థిక సంస్థలకూ చెప్పింది. కనీసం వారానికోసారి చూసుకోవాలని మార్చిలో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ చెప్పింది. మంచి పనే. అయితే ఆ జాబితా విదేశీ మెయిల్ కంపెనీకో, షాపింగ్ యాప్‌కో, బడి హాజరు చెప్పే సాఫ్ట్‌వేర్‌కో వర్తించదు. పైగా బ్యాంకు చేయగలిగింది చచ్చిన నంబరుని తీసేయడమే, మన కొత్త నంబరు దానికెలా తెలుస్తుంది?

షార్జా మనిషి సంగతికి వద్దాం. వాళ్ల అన్న ద్వారా కబురందాక ఆయనే అమ్మకి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. "అమ్మా, బ్యాంకుల నంబరు మార్చుకుందామంటే ఓటీపీ మీకే వస్తది. నేను ఇప్పుడే కొడ్త, జర చదివి చెప్పరాదు?" అన్నాడు. అమ్మ అందుకు తయారే. నేనే వద్దన్నాను. ఆయన నిజంగా ఆ ఖాతాదారేనని నాకెలా తెలుస్తుంది? "ఇది నా పాత నంబరు, ఓటీపీ ఒక్కటి చెప్పండి" అని అడగడం మోసగాళ్లకి బాగా వచ్చిన పని. ఆయన నిజం చెబుతున్నా సరే, ఆ ఓటీపీ ఏ లావాదేవీకో మెసేజ్‌లో సగమే అర్థమవుతుంది. నొచ్చుకున్నాడేమో గాని, బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ముందు యూపీఐనీ నెట్ బ్యాంకింగ్‌నీ ఆపించమని చెప్పాను. అది ఆయన అక్కణ్నుంచే చేయించుకున్నాడు.

ఖాతా ఇంకా పాత నంబరుకే తగులుకుని ఉందో లేదో తెలుసుకోవడానికి మా చెల్లెలు ఒక చిన్న ఉపాయం చేసింది. తన యూపీఐ యాప్‌లో డబ్బు పంపేచోట అమ్మ నంబరు కొట్టింది. పంపనక్కర్లేదు, పేరు కనిపిస్తే చాలు. వచ్చింది ఆయన పేరే. నంబరు వదిలేసినవాళ్లెవరైనా ఇంట్లోవాళ్ల ఫోన్ నుంచి ఈ పని చేసి చూసుకోవచ్చు. మన పేరే వస్తే మన ఖాతా ఇంకా పరాయి సిమ్‌కి వేలాడుతోందన్నమాట. వేరేవాళ్ల పేరొస్తే ప్రమాదం ఇంకో రకం. అలవాటుగా పాత నంబరుకి పంపే బంధువుల డబ్బు ఆ పేరుగలవాళ్లకి పోతుంది.

సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన మిగతాది చేసుకున్నాడు. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు పట్టుకుని బ్రాంచికి వెళ్లి ఫారం నింపాడు. ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి నంబరు మార్చుకున్నాడు. ఆధార్‌లో నంబరు మార్చడానికి పాత నంబరుకి వచ్చే ఓటీపీ అక్కర్లేదు, వేరే కాగితాలూ అక్కర్లేదు, మనిషి వేలిముద్ర చాలు. అందుకే నంబరు పోయినవాళ్లకి ఆధార్ కేంద్రం చాలా దగ్గరి దారి. ఇంటికొచ్చి చేసే పోస్టుమన్‌లు కూడా ఉన్నారు, పోస్టాఫీసులో అడగాలి. ఏ నంబరు జోడించి ఉందో అనుమానముంటే myaadhaar.uidai.gov.in లో నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు. అన్నట్టు, గల్ఫ్‌లో ఉండేవాళ్లు ఎన్నారై ఖాతాకి అక్కడి నంబరే ఇచ్చుకోవచ్చు. యూఏఈ, సౌదీ, ఖతర్, ఒమన్, అమెరికా, సింగపూర్ వంటి దేశాల నంబర్ల మీద కూడా యూపీఐకి 2023లోనే అనుమతి వచ్చింది. అప్పుడు ఇక్కడి సిమ్‌ని కాపాడుకోవాల్సిన తిప్పలే ఉండవు.

నంబరు ఇంకా చేతిలో ఉండగా వదులుకోబోయేవాళ్లకి ఇదంతా సగం తేలిక. కాకపోతే వరస ముఖ్యం. మొదట మెయిల్. మిగతా అన్నింటి పాస్‌వర్డులూ అక్కడికే వస్తాయి కాబట్టి, దాని రికవరీ నంబరు పాతదైతే తక్కినవన్నీ మార్చినా వెనక తలుపు తెరిచే ఉంటుంది. తరవాత బ్యాంకు, ఆపైన ఆధార్. వాట్సాప్‌ని తొలగించి కొత్తగా పెట్టుకోకుండా, సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉండే నంబరు మార్పు వాడాలి. అలా చేస్తే గ్రూపులన్నీ కొత్త నంబరుకి వచ్చేస్తాయి, పాత నంబరు మీది ఖాతా పోతుంది. ఫోన్‌లో వాట్సాప్ పాత నంబరు మీదే ఇంకా తెరుచుకుంటుంటే, సిమ్ ఆగిపోయినా ఈ మార్పు చేసుకోవచ్చు, ఎందుకంటే ఓటీపీ వచ్చేది కొత్త నంబరుకి.

ఇంకేమేం మార్చాలో గుర్తు రావడం లేదంటారు అందరూ. గుర్తు చేసుకోనక్కర్లేదు, ఫోన్‌లోని మెసేజుల పెట్టె తెరిచి ఏడాది వెనక్కి వెళ్తే సరి. పంపినవాళ్ల పేరు చివర ఇప్పుడు ఒక అక్షరం ఉంటుంది. P అంటే ప్రకటన, వదిలేయొచ్చు. S, T, G ఉన్నవే మనకు కావాల్సినవి: సేవలు, లావాదేవీలు, ప్రభుత్వం. పీఎఫ్ ఖాతా, ఆదాయపన్ను, బండి ఆర్‌సీ, ఫాస్టాగ్, బీమా, గ్యాస్, షేర్ల ఖాతా, అన్నీ అక్కడ వరసగా దొరుకుతాయి. ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోటీ మార్చి కొట్టేసుకుంటూ పోతే ఒక ఆదివారం పని.

పోయినవాళ్ల నంబర్ల గురించి కూడా ఒక మాట. నాన్న పోయాక ఆయన సిమ్‌కి రీఛార్జ్ ఎందుకని మానేస్తాం. ఖాతాలు వారసుల పేరు మీదికి మారేవరకూ బ్యాంకు పంపే ప్రతి సమాచారమూ ఆ నంబరుకే వస్తుంది. ఆ పని తెమిలేదాకా చౌక ప్యాక్‌తోనైనా నంబరుని బతికించుకోవాలి.

బ్యాంకు కబురు మనదాకా రాకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్లు చేసిన మోసమైతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెబితే నష్టం మనది కాదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ సమాచారం వెళ్లింది ఏనాడో వదిలేసిన నంబరుకైతే, "మాకు తెలియలేదు" అన్న మాట నిలవడం కష్టం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమ్మలాగా ఇంకొకరి నంబరు చేతికొచ్చినవాళ్లు ఆ మెసేజుల్లోని లింకులు నొక్కకుండా, ఓటీపీలు ఎవరికీ చెప్పకుండా ఉంటే చాలు. సరదాకి కూడా వాటిని ఎక్కడా కొట్టకూడదు. మరొకరి గుర్తింపు వివరాలు దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం 66సీ కింద మూడేళ్ల వరకూ జైలు ఉంది. ఆ నంబరుని మన సొంత బ్యాంకుకి ఇచ్చేముందు కొన్ని నెలలు ఆగి చూడటం మంచిది. పాత మనిషి బాకీ కోసం వసూలు ఏజెంట్లు ఫోన్ చేస్తే, నంబరు చేతులు మారిందని రాతపూర్వకంగా ఆ సంస్థకి మెయిల్ పెట్టాలి.

ఆ షార్జా మనిషి బ్యాంకు, ఆధార్, గ్యాస్ అన్నీ మార్చుకున్నాడు. బంగారం తాకట్టు పెట్టినచోట కూడా చెప్పానన్నాడు. వడ్డీ గడువు మెసేజ్ మాత్రం ఇప్పటికీ నెలనెలా అమ్మ ఫోన్‌కే వస్తోంది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని తేదీ చదువుకుని, జగిత్యాల అన్నకి ఫోన్ చేసి చెబుతోంది.